24 ప్యాడిల్ వీల్ ఏరియేటర్ల సరఫరాకు కొటేషన్ల ఆహ్వానం

కాళ్ల, పశ్చిమ గోదావరి జిల్లా
10-11-2025

సరఫరాదారులకు,

నమస్కారం. కాళ్ల మండలంలో వెనామీ సాగు చేస్తున్న తొమ్మిది మంది రైతులం వేసవి పంటకు 24 ఏరియేటర్లు కలిసి కొంటున్నాం. ఇదే ఉత్తరం ఐదుగురు డీలర్లకు ఒకే రోజు పంపుతున్నాం. పోయిన సారి ఒకరు జీఎస్టీ కలిపి, ఒకరు కలపకుండా, మరొకరు గోడౌన్ దగ్గరి రేటు అని ఇచ్చారు. ఏది చవకో తేల్చడానికే వారం పట్టింది. అందుకే ఈసారి ఏం కావాలో, ఎలా చూస్తామో ముందే రాస్తున్నాం.

కావలసిన సరుకు

2 హెచ్‌పీ, నాలుగు చక్రాల ఏరియేటర్. మోటారు త్రీ ఫేజ్, 415 వోల్టులు, 50 హెర్ట్జ్, 4 పోల్, పూర్తి రాగి వైండింగ్, క్లాస్ ఎఫ్ ఇన్సులేషన్, ఐపీ 55. చక్రం నీళ్లలో నిమిషానికి 95 నుంచి 110 చుట్లు తిరగాలి. గేర్ రేషియో ఎంతో రాయండి. ఫ్లోట్లు ఎండకు పెళుసెక్కని హెచ్‌డీపీఈవి, మూడు.

ఫ్రేము, షాఫ్టు, బోల్టులు ఎస్ఎస్ 304. ఈ విషయంలో పట్టుగా ఉంటాం. వేసవిలో ఉప్పుటేరు పోటు నీరు పైకి ఎక్కుతుంది, మా చెరువుల్లో ఉప్పు 15 పీపీటీ దాకా పోతుంది. ఫ్రేము 304 వేసి బోల్టు మామూలు ఇనుముది బిగిస్తే ఒక్క పంటకే తుప్పు పట్టి, పానా పట్టదు. 316 ఇవ్వగలిగితే సంతోషమే, కానీ అసలు ధర 304 మీదే వేసి, 316కి అదనంగా ఎంతో వేరే లైనులో చూపండి. లేకపోతే రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడలేం.

కేబులు, స్టార్టర్ ప్యానల్ మావే. వాటి ధర కలపొద్దు.

ధర రాసే తీరు

ఒక్క సెట్టు మూల ధర, జీఎస్టీ, మా గట్టు దాకా రవాణా, బిగింపు ఖర్చు విడివిడిగా రాసి, చివర 24 సెట్లకు మొత్తం వేయండి. గట్ల మీదికి లారీ రాదు, మినీ వ్యానే వస్తుంది. ఆ సంగతి లెక్కలో పెట్టుకోండి. గేర్‌బాక్సు, ఒక చక్రం, ఒక బేరింగ్ సెట్టు విడిగా కొంటే ఎంతో కూడా ఇవ్వండి. ఆ రేట్లు మూడేళ్లపాటు మారకూడదు. ధర 45 రోజులు చెల్లాలి.

ఎలా ఎంచుతాం

పై స్పెసిఫికేషన్‌లో ఏది తప్పినా ఆ కొటేషన్ పక్కన పెడతాం. మిగిలినవాటికి 100 మార్కులు: మూడేళ్ల ఖర్చుకు 60, సర్వీసు, వారంటీలకు 25, చుట్టుపక్కల చెరువుల్లో ఇప్పటికే నడుస్తున్న మీ సెట్ల తీరుకు 15. ఖర్చు మార్కులు తక్కువ ఖర్చును మీ ఖర్చుతో భాగించి 60తో హెచ్చవేస్తే వచ్చేవి. సర్వీసులో ఫోను చేశాక ఎన్ని గంటల్లో మెకానిక్ వస్తాడన్నదే ముఖ్యం. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినప్పుడు ‘రేపు చూద్దాం’ అంటే రొయ్య ఆగదు.

మూడేళ్ల ఖర్చు అంటే కొనే ధరతో పాటు కరెంటు. రోజుకు 12 గంటలు, ఏడాదికి 240 రోజులు, మొత్తం 8,640 గంటలు. యూనిట్ రూ. 3.85 చొప్పున అందరికీ ఒకే రేటు వేస్తాం. 1.6 కిలోవాట్లు లాగే మోటారుకు ఈ లెక్కన రూ. 53,222 అవుతుంది. 0.2 కిలోవాట్లు తక్కువ లాగితే సెట్టుకు సుమారు రూ. 6,650 మిగులుతుంది. కాబట్టి ధర కొంచెం ఎక్కువైనా, కరెంటు తక్కువ తాగే మోటారు వెనకబడదు. మీరు రాసిన వాటేజీని నమ్మేసి వదిలేయం. పేపరు మీద ముందున్న ముగ్గురి సెట్లను ఒకే రోజు, ఒకే చెరువులో, ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద గంట గంట తిప్పి మీటరు చూస్తాం. రాసినదానికీ మీటరుకూ తేడా వస్తే మీటరు అంకే తీసుకుంటాం. ట్రయల్‌కు సెట్టు తెచ్చే ఖర్చు మీదే.

షరతులు

సరుకు 20-01-2026 లోపు అందాలి. వారం ఆలస్యానికి ఆ సరుకు విలువలో 1 శాతం తగ్గిస్తాం. ఆర్డరుతో 30 శాతం, బిగించి నడిచాక 60 శాతం, 90 రోజుల తరవాత మిగతా 10 శాతం చెల్లిస్తాం. మోటారుకు, గేర్‌బాక్సుకు కనీసం ఏడాది వారంటీ ఉండాలి.

సందేహాలుంటే 17వ తేదీలోపు ఈ ఉత్తరం వచ్చిన వాట్సాప్ నంబరుకే రాయండి. ఒకరడిగిన ప్రశ్నకు జవాబు ఐదుగురికీ వెళ్తుంది. అడిగినవారి పేరు చెప్పం. కొటేషన్ సీల్డ్ కవర్లో 24-11-2025 సోమవారం సాయంత్రం 5 గంటలలోపు కాళ్ల సెంటర్లోని మా ఉమ్మడి మేత గోడౌన్‌లో ఇవ్వాలి. ఆరు గంటలకు వచ్చినవారందరి ఎదుట కవర్లు తెరుస్తాం. కవరు తెరిచాక ఫోన్లో ‘ఇంకో వెయ్యి తగ్గిస్తాం’ అంటే లెక్కలోకి తీసుకోం. ఫలితం, మీకు వచ్చిన మార్కులతో సహా, 05-12-2025 నాటికి మీకు తెలియజేస్తాం.

ఇట్లు,
రైతుల కొనుగోలు బాధ్యులు,
కాళ్ల మండలం