లేచి నిలబడే ముందు

ప్రిన్సిపల్ మేడమ్‌కి, మా టీచర్లకి, అనంతపురం, కడప, చిత్తూరు నుంచి రాత్రంతా బస్సుల్లో కూర్చుని బెంగళూరు వచ్చిన మా అమ్మానాన్నలకి నమస్కారం. పొద్దున్నుంచీ ఇక్కడ అన్నీ ఇంగ్లీషులో, కన్నడలో వింటున్నారు. కాసేపు తెలుగులో మాట్లాడమని మేడమే చెప్పారు.

నర్సింగ్ మొదటి సంవత్సరం ఇదే హాల్లో దీపాలు పట్టుకుని నైటింగేల్ ప్రతిజ్ఞ చదివాం. దాన్ని నైటింగేలే రాశారని చాలా రోజులు అనుకున్నాను. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో నర్సింగ్ స్కూలు నడిపిన లిస్ట్రా గ్రెటర్, మరికొందరితో కలిసి తన విద్యార్థుల కోసం రాశారట. పిల్లల కోసం ఒక టీచర్ రాసిందని తెలిశాక ఆ ప్రతిజ్ఞ మీద నాకు ఇష్టం ఇంకా పెరిగింది.

"హాని చేసే మందు తెలిసి ఎవరికీ ఇవ్వను" అని ఆ రోజు గట్టిగా చదివాను. రెండో ఏడాది ఒక వార్డులో పక్కపక్క బెడ్ల మీద ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లు. నేను ట్రేతో వెళ్లి తప్పు బెడ్ దగ్గర నిలబడ్డాను. మేడమ్ వచ్చి మెల్లగా నా చెయ్యి పట్టుకుని, "చేతి బ్యాండ్ మీద నంబరు చూశావా?" అన్నారు. అంతే. పేషెంట్ ముందు ఇంకొక్క మాట అనలేదు. డ్యూటీ అయ్యాక నన్ను మందుల అల్మరా దగ్గరికి తీసుకెళ్లి, లేబుల్ మూడుసార్లు ఎలా చదవాలో చూపించారు: తీసేటప్పుడు, పోసేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు. నాకు వణుకు తగ్గేదాకా పక్కనే ఉన్నారు. మేడమ్, ఆ తర్వాత బ్యాండ్ చూడకుండా నేను ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు. థాంక్యూ.

కన్నడ రాక మొదట్లో మేం పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. "ఎల్లి నోవు?", "ఊట ఆయ్తా?" అని మాతో వంద సార్లు పలికించిన మేడమ్‌కి, నైట్ డ్యూటీల్లో మాకు టీ దాచి ఉంచిన వార్డు ఆయమ్మలకి, హాస్టల్ వంటావిడకి మా దండాలు.

ఇంకో మాట మా అమ్మకి. అమ్మా, మూడో ఏడాదిలో ఫోన్ చేసి, "మీ వార్డులో మన ఊరివాళ్లు ఎవరైనా ఉన్నారా, ఏం జబ్బంట?" అని అడిగావు. నేను చెప్పలేదు. కన్నతల్లికి కూడా చెప్పవా అని కోపంగా ఫోన్ పెట్టేశావు. పేషెంట్ గురించి, వాళ్ల ఇంటి గురించి తెలిసినవి నాలోనే ఉంచుకుంటానని ప్రతిజ్ఞలో ఉందమ్మా. ఉన్నారో లేరో ఈ రోజుకీ చెప్పను. ఆ రాత్రి నువ్వే మళ్లీ ఫోన్ చేసి, "తిన్నావా?" అని అడిగావు. నువ్వు అర్థం చేసుకున్నావని నాకు అప్పుడే తెలిసింది.

జూనియర్లు దీపాలు తెస్తున్నారు. మా బ్యాచ్ వాళ్లంతా దయచేసి లేచి నిలబడండి. ఈసారి పుస్తకం చూడొద్దు.