సబ్జెక్ట్: యూనిట్ 2 ఉష్ణగతిక శాస్త్రం – ఒక పేజీ సారాంశం, సిలబస్‌లో ఏది ఎక్కడ

అందరికీ నమస్కారం,

గురువారం ఇంటర్నల్ కోసం యూనిట్ 2 మొత్తానికి ఒక పేజీ సారాంశం తయారుచేశాను. `unit2_one_page.pdf` పేరుతో ఈ మెయిల్‌కి జత చేశాను. సార్ ఒకసారి చూసి సరే అన్నాకే పంపుతున్నాను.

ఇందులో విషయాలు పుస్తకం వరసలో ఉండవు, సిలబస్ వరసలో ఉంటాయి. మన పుస్తకంలో ఆరో అధ్యాయం చదివితే యూనిట్ 2 అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటున్నారు. అలా కాదు. ఆ అధ్యాయం చివర్లో ఉన్న పెట్రోల్, డీజిల్ ఇంజన్లు మన సిలబస్‌లో లేవు, వాటిని నిశ్చింతగా వదిలేయండి. సిలబస్‌లో 2.4గా ఉన్న ఉష్ణగతిక ఉష్ణోగ్రతా మానం మాత్రం పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఎక్కడో మూలన ఉంది. అందుకే సారాంశంలో ప్రతి పేరా పక్కన, మార్జిన్‌లో సిలబస్ నంబరు, దాని కింద పుస్తకం పేజీ నంబరు వేశాను.

2.1 అంటే మొదటి నియమం. దానికి రెండు లైన్లే ఇచ్చాను, ఇంటర్‌లో చదివిందే కదా. 2.2 (రివర్సిబుల్, ఇర్రివర్సిబుల్ ప్రక్రియలు) కూడా చిన్నదే. పేజీలో సగానికి పైగా 2.3, 2.5 ఆక్రమించాయి. సిలబస్‌లో ఎక్కువ గంటలు కేటాయించింది వాటికే, క్లాసులో ఎక్కువ డౌట్లు వచ్చిందీ వాటి మీదే.

2.3 కార్నో యంత్రం. P–V పటంలో నాలుగు దశలకూ పేర్లు రాసి, ఏ దశలో వేడి లోపలికి వస్తుందో, ఏ దశలో బయటికి పోతుందో బాణాలతో చూపించాను. దక్షత సూత్రం η = 1 − T₂/T₁ అందరికీ నోటికి వచ్చు, అయినా లెక్కలో మార్కులు పోతున్నాయి. ఉదాహరణకి ఉష్ణ జనకం 227°C, శీతల కుండం 27°C అని ఇచ్చారనుకోండి. ఆ సంఖ్యల్ని అలాగే సూత్రంలో వేస్తే 88 శాతం వస్తుంది. కెల్విన్‌లోకి మారిస్తే 500, 300, జవాబు 40 శాతం. నిజమైన ఇంజన్ ఏదైనా సరే, ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య పనిచేస్తే ఆ 40ని కూడా అందుకోలేదు. 88 వచ్చినప్పుడే అనుమానం రావాలి.

2.4 దగ్గర ఒక చిన్న గమనిక పెట్టాను. నీటి త్రిక బిందువు 273.16 K ఆధారంగా కెల్విన్‌ని నిర్వచిస్తారని మన పుస్తకంలో ఉంది. అది పాత నిర్వచనం. 2019 మే 20 నుంచి బోల్ట్జ్‌మన్ స్థిరాంకం విలువని 1.380649 × 10⁻²³ J/K గా స్థిరపరిచి, దాన్నిబట్టి కెల్విన్‌ని నిర్వచిస్తున్నారు. లెక్కల్లో మీకు ఏ తేడా రాదు. థియరీ ప్రశ్న వస్తే కొత్తది రాసి, పాతదాన్ని ఒక వాక్యంలో ప్రస్తావించండి.

2.5 ఎంట్రోపీ. ఇక్కడ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టాను. మొదటిది 0°C దగ్గర 10 గ్రాముల మంచు కరగడం: గుప్తోష్ణం 334 J/g, అంటే 3340 J. దాన్ని 273తో భాగిస్తే సుమారు 12.2 J/K. రెండోది ఒక మోల్ ఆదర్శ వాయువు శూన్యంలోకి వ్యాకోచించి రెట్టింపు ఘనపరిమాణానికి చేరడం. ఇక్కడ Q సున్నా కాబట్టి ఎంట్రోపీ మార్పూ సున్నా అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. dQ/T లో వేయాల్సింది రివర్సిబుల్ మార్గంలోని వేడి. ఆ రెండు స్థితుల మధ్యే సమోష్ణ రివర్సిబుల్ మార్గం తీసుకుంటే R ln 2, అంటే దాదాపు 5.76 J/K వస్తుంది. పేజీ మొత్తంలో ఒక్క విషయమే నిదానంగా చదివే టైం ఉంటే ఇది చదవండి.

2.6 T–S పటం. కార్నో చక్రం ఇక్కడ దీర్ఘచతురస్రం అవుతుంది, దాని వైశాల్యమే చేసిన పని. బొమ్మ వేసి పెట్టాను, అంతకుమించి చెప్పాల్సింది లేదు.

ఈ పేజీలో లేనివి కూడా చెబుతాను. ఉత్పాదనలు లేవు. పది మార్కుల ప్రశ్నగా కార్నో దక్షత ఉత్పాదన వస్తే సారాంశం ఆదుకోదు, అది పుస్తకంలోనే చదవాలి. కార్నో సిద్ధాంతం నిరూపణ ట్యుటోరియల్ నోట్స్ 3లో ఉంది. మాక్స్‌వెల్ సమీకరణాలు యూనిట్ 3లోవి, ఈ ఇంటర్నల్‌కి రావు.

ప్రింట్ కావాల్సినవాళ్లకి కాపీలు ల్యాబ్ రికార్డులు పెట్టే టేబుల్ మీద ఉంచుతాను. బుధవారం మధ్యాహ్నం 3 నుంచి 4:30 వరకు ఫిజిక్స్ ల్యాబ్‌లోనే ఉంటాను. డౌట్ ఉంటే మార్జిన్‌లోని నంబరు చెప్పండి, వెంటనే అక్కడికే వెళ్లి చూసుకుందాం. రాలేనివాళ్లు ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, రాత్రి 9 లోపు వచ్చినవాటికి ఆ రోజే జవాబిస్తాను.

శ్రావణి
టీచింగ్ అసిస్టెంట్, ఉష్ణగతిక శాస్త్రం (బీఎస్సీ రెండో సంవత్సరం)