ఏసీ కొనే ముందు మీ పోయినేడాది మే నెల కరెంటు బిల్లు తెండి
కూలర్లు, ఏసీల వేసవి అమ్మకం: ఉగాది నుంచి మే 31 వరకు, రాజ్ విహార్ సెంటర్, కర్నూలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన కర్నూలులో రోహిణి దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్‌లోనే మిద్దె కాలిపోతుంది. చల్లని గాలి అందరికీ కావాలి. దాంతో పాటు వచ్చే బిల్లు గురించి నిజం చెప్పి అమ్మాలన్నది మా పద్ధతి.

పోయినేడాది ఒకాయన జూన్‌లో కరెంటు బిల్లు పట్టుకొని మా షాపుకొచ్చారు. వేరే చోట "5 స్టార్ ఇన్వర్టర్ తీసుకోండి, బిల్లు సగమవుతుంది" అంటే నమ్మి కొన్నారట. అంతకుముందు ఆయన ఇంట్లో ఏసీయే లేదు. లేని ఏసీ కొత్తగా వస్తే బిల్లు పెరుగుతుంది గానీ తగ్గదు. ఏ ఏసీ అయినా అంతే. ఒక ఏసీకి, ఇంకో ఏసీకి మధ్య తేడా ఎంత అన్నదే అసలు లెక్క.

ఆ లెక్క ఇదిగో. మా దగ్గరున్న ఒక 1.5 టన్ను 3 స్టార్ ఏసీ ధర 34,500 రూపాయలు. దాని లేబుల్ మీద ఏడాదికి 960 యూనిట్లని ఉంది. అదే కంపెనీ 5 స్టార్ 41,500 రూపాయలు, లేబుల్ మీద 750 యూనిట్లు. లేబుల్ మీద ఏడాది అంటే 1,600 గంటల వాడకం. మీరు రాత్రి 8 గంటల చొప్పున నాలుగు నెలలు వేస్తే 960 గంటలే అవుతుంది. అప్పుడు రెండింటికీ తేడా 126 యూనిట్లు, అంటే నెలకు 31 లేదా 32.

మిగిలే యూనిట్లు మీ బిల్లులో పై స్లాబులోంచి తగ్గుతాయి. 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. ట్రూ అప్ చార్జీలు, సుంకం వేరు. కాబట్టి ఒక వేసవికి మిగిలేది సుమారు 750 నుంచి 1,100 రూపాయలు. ఎక్కువ పెట్టిన 7,000 వెనక్కి రావడానికి ఆరేళ్లకు పైనే, తొమ్మిదేళ్ల దాకా పట్టొచ్చు. రాత్రి పడుకోవడానికి మాత్రమే ఏసీ కావాలనుకునే ఇంటికి మేము 3 స్టారే చూపిస్తాం. మాకు లాభం తక్కువైనా సరే.

ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లున్నారా? రోజుకు 16 గంటలు, ఏడు నెలలు నడుస్తుందా? అప్పుడు తేడా 441 యూనిట్లు. 8.75 లెక్కన ఏడాదికి దాదాపు 3,850 రూపాయలు. రెండేళ్ల లోపే ఆ 7,000 వచ్చేస్తాయి. అలాంటి ఇంటికి 5 స్టార్ తీసుకోమని గట్టిగా చెప్తాం.

ఒక మాట. ఇవి లేబుల్ అంకెలు. మధ్యాహ్నం ఎండ దంచే పై అంతస్తు గదిలో, తలుపు సందులున్న చోట ఇంకా ఎక్కువే కాలుతుంది. లేబుల్ మీద సంవత్సరం కూడా చూడండి. స్టార్ ప్రమాణాలు కొన్నేళ్లకోసారి కఠినం చేస్తారు, పాత 5 స్టార్, కొత్త 5 స్టార్ ఒకటి కావు. 18లో పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. 24 లేదా 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది.

ఇక కూలర్. మనది పొడి ఎండ కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పనిచేస్తుంది. 180 వాట్ల కూలర్ రాత్రి 8 గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. పైన చెప్పిన 3 స్టార్ ఏసీకి అదే సమయానికి 4.8 యూనిట్లు. 60 లీటర్ల కూలర్ మా దగ్గర 7,800 రూపాయలు. కిటికీ మాత్రం తెరిచి ఉంచాలి, మూసిన గదిలో ఉక్కపోస్తుంది. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక చల్లదనం తగ్గిపోతుంది. నీళ్లు బాగా తాగుతుంది. ట్యాంకరు కొనుక్కునే వీధిలో ఉంటే ఆ ఖర్చూ చూసుకోండి. బోరు నీళ్లకు ప్యాడ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, వేసవి మధ్యలో ఒకసారి కడగాలి.

ఏసీ ధరలో బిగింపు, మూడు మీటర్ల రాగి పైపు కలిసే ఉంటాయి. అంతకు మించితే మీటరుకు 900 రూపాయలు. స్టెబిలైజర్ వేరు, మీ వీధిలో వోల్టేజీ కొలిచాకే అవసరమో కాదో చెప్తాం. పాత కూలర్ తెస్తే కొత్తదానిలో 500 రూపాయలు తగ్గిస్తాం.

షాపు పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా, ఆదివారం కూడా. బిల్లు తెస్తే మీ ఎదుటే కాగితం మీద లెక్క వేసిస్తాం. ఆ కాగితం తీసుకెళ్లి ఇంట్లో మాట్లాడుకొని, రేపు వచ్చినా ఇదే ధర.