విషయం: నా రెజ్యూమె మూడు కంపెనీలకు మాత్రమే పంపడానికి అనుమతి

కిరణ్ గారికి నమస్కారం,

మంగళవారం ఫోన్‌లో ఓపిగ్గా అన్నీ వివరించినందుకు థాంక్స్. మీ ఏజెన్సీ ద్వారా ప్రయత్నించడానికి నాకు ఇష్టమే. కింద రాసిన మూడు కంపెనీలకు, పక్కన చెప్పిన ఉద్యోగాలకు మాత్రం నా రెజ్యూమె పంపడానికి మీకు అనుమతి ఇస్తున్నాను.

సిస్కో: నెట్‌వర్క్ ఆటోమేషన్ టీమ్‌లో సీనియర్ టెస్ట్ ఇంజనీర్.
ఒరాకిల్: డేటాబేస్ టెస్టింగ్ లీడ్.
ఎస్‌ఏపీ: మీరు పంపిన రెండు ఓపెనింగుల్లో మొదటిది మాత్రమే. రెండోదానికి ఎనిమిదేళ్ల అనుభవం అడిగారు, నాకున్నది ఆరేళ్లే.

ఈ మూడింటికీ నేను నేరుగా అప్లై చేయలేదు, వేరే ఏజెన్సీకీ మాట ఇవ్వలేదు. ఈ అనుమతి ఉన్నన్నాళ్లూ ఈ ఉద్యోగాలకు మీ ద్వారానే వెళ్తాను. ఇవాళ్టి నుంచి 45 రోజుల వరకు ఇది చెల్లుతుంది. ఆ తర్వాత కూడా కావాలంటే మళ్లీ మాట్లాడుకుని రాసిస్తాను.

వీటికి బయట ఏ కంపెనీకైనా పంపాలనిపిస్తే ముందు కంపెనీ పేరు, ఉద్యోగ వివరాలు నాకు మెయిల్ చేయండి. నేను "సరే" అని జవాబు రాశాకే పంపండి. ఫోన్ ఎత్తలేదనో, జవాబు ఆలస్యమైందనో ఒప్పుకున్నట్టు అనుకోవద్దు. ఆఫీసు పనిలో ఉన్నా సాయంత్రంలోగా మెయిల్ చూస్తాను. "ఒక పెద్ద ప్రొడక్ట్ కంపెనీ" అని పేరు చెప్పకుండా అడిగితే మాత్రం ఒప్పుకోలేను. ఎక్కడికి వెళ్తోందో తెలియకుండా రెజ్యూమె ఇవ్వడం నావల్ల కాదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఒక ఏజెన్సీ నన్ను అడగకుండానే నా రెజ్యూమె నాలుగు చోట్లకు పంపింది. అందులో ఒక కంపెనీకి అప్పటికే నా పాత సహోద్యోగి రిఫరల్ ఇచ్చి ఉన్నారు. ఒకే మనిషి రెండు దారుల్లో వచ్చేసరికి, ఏజెన్సీకి ఫీజు కట్టాలా వద్దా అనే తగాదా ఎందుకని ఆ కంపెనీ వాళ్లు నా పేరే పక్కన పెట్టేశారు. ఒకసారి ఏజెన్సీ పేరు మీద మన రెజ్యూమె కంపెనీ రికార్డులో చేరితే చాలా చోట్ల నెలల తరబడి అలాగే ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. ఆ టీమ్‌లో చేరాలని నేను ఎంతో ఆశపడ్డాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. మీరు అలా చేస్తారని కాదు, మొదట్లోనే రాసుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదని.

అడోబీకి దయచేసి పంపవద్దు. అక్కడ నాకు తెలిసినవాళ్లు గత వారమే రిఫరల్ ఇచ్చారు. నేను ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీకి గానీ, దాని గ్రూపు కంపెనీలకు గానీ, మా టీమ్ పనిచేసి పెట్టే క్లయింట్లకు గానీ నా పేరు అసలు చేరకూడదు. క్లయింట్ల పేర్లు మెయిల్‌లో రాయలేను, మీకు సందేహం వస్తే ఫోన్ చేయండి. నేను ఉద్యోగం వెతుకుతున్నట్టు మా మేనేజర్‌కు ఇంకా తెలియదు.

పంపాల్సిన ఫైల్ `Madhavi_Testing_Resume_v3.pdf`, ఈ మెయిల్‌కు జతచేశాను. ముందు ఇచ్చిన వర్డ్ ఫైల్ తీసేయండి. పైన మీ ఏజెన్సీ లోగో పెట్టుకోవచ్చు, కానీ లోపల ఒక్క మాట కూడా మార్చవద్దు. ఉద్యోగ ప్రకటనకు సరిపోవాలని నాకు రాని టూల్ పేరు చేర్చితే ఇంటర్వ్యూలో జవాబు చెప్పుకోవాల్సింది నేనే. ఏదైనా చేర్చాలనిపిస్తే చెప్పండి, నిజమైతే నేనే రాసి పంపుతాను.

ఇంకో ఏజెన్సీ చేతికి ఇచ్చి వాళ్ల ద్వారా పంపించడానికి, జాబ్ పోర్టల్‌లో నా పేరుతో ప్రొఫైల్ పెట్టడానికి ఈ అనుమతి వర్తించదు. గుర్తింపు కార్డులు, జీతం స్లిప్పులు ఆఫర్ దాకా వచ్చాక నేరుగా కంపెనీకే ఇస్తాను. ఆశిస్తున్న జీతం ఎంతని అడిగితే ఫోన్‌లో చెప్పిన అంకెనే చెప్పండి, తగ్గించి చెప్పవద్దు.

ఒక్కో కంపెనీకి పంపిన రోజే తేదీ, ఉద్యోగం పేరు రాసి నాకు చిన్న మెయిల్ పెట్టండి. నేను మధ్యలో మనసు మార్చుకుంటే మెయిల్ ద్వారా చెప్తాను. అప్పటికి పంపనివి ఆపేయండి, పంపినవాటి సంగతి ఇద్దరం కలిసి చూద్దాం.

ఈ షరతులు మీకు సమ్మతమైతే ఇదే మెయిల్‌కు జవాబుగా రాయండి. మీ జవాబు వచ్చిన తర్వాతే మొదటి కంపెనీకి పంపండి. సిస్కో ఓపెనింగ్ శుక్రవారంతో ముగుస్తుందన్నారు కాబట్టి, ఇవాళ రాత్రి పది వరకు ఫోన్ దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మాధవి