దీపావళి గిఫ్ట్ బాక్సులు: బడ్జెట్, సప్లయర్లు, పంపకం (ఆమోదం కోసం)

సార్, నమస్కారం.

ఈసారి దీపావళి అక్టోబర్ 20, సోమవారం. ముందు రోజు ఆదివారం, శనివారం సగం మంది ఊళ్లకు బయల్దేరిపోతారు. అందుకని బాక్సులు 16వ తేదీ గురువారమే చేతికి అందాలి. దసరా సెలవులు మధ్యలో ఉన్నాయి కాబట్టి ఈ శనివారం, అంటే 27లోపు ఆర్డర్లు ఖాయం చేసుకోవాలి.

లెక్క: రోల్స్‌లో ఉన్నవాళ్లు 64 మంది, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, లోడింగ్ కాంట్రాక్టు వాళ్లు 18 మంది. మొత్తం 82, చేతిలో అదనంగా 3. కాంట్రాక్టు వాళ్లకు చిన్న బాక్సు చాలన్న మాట మన మీటింగులో వచ్చింది. నేను ఒప్పుకోలేను. మిగిలేది మహా అయితే ఐదారు వేలు. గేటు దగ్గర ఒకరి చేతిలో పెద్ద సంచీ, పక్కవాడి చేతిలో చిన్న పొట్లం కనిపిస్తే ఆ మాట ఏడాదంతా నలుగుతుంది. మేనేజర్ నుంచి స్వీపర్ వరకు ఒకటే బాక్సు అనుకునే ఈ ప్లాన్ వేశాను.

మూడు కొటేషన్లు చూశాను. హైదరాబాద్‌లోని ఒక హ్యాంపర్ కంపెనీ పన్ను కాక ₹999 చెప్పింది, కనీసం 100 బాక్సులు తీసుకోవాలట. పన్ను కలపకుండానే ₹99,900. శాంపిల్ తెప్పించి విప్పితే పైన రిబ్బను, లోపల బోలెడు రంగు కాగితం ముక్కలు, అడుగున వంద గ్రాముల బాదం, వంద గ్రాముల కిస్‌మిస్, ఒక కొవ్వొత్తి. అట్ట డబ్బాకే సగం డబ్బు పోతోంది. ఊళ్లోని స్వీటు షాపు కిలో మిక్స్‌డ్ స్వీట్లు ₹640కి ఇస్తానంది. రుచిలో వంక పెట్టలేం కానీ పండగ వారంలో ఫలానా రోజుకి ఇస్తామని రాసివ్వమంటే వెనక్కి తగ్గారు. పైగా ఆ వారం ప్రతి ఇంట్లోనూ స్వీట్లే.

అందుకే విడివిడిగా కొని మనమే సర్దుకుంటే మేలు. ఆత్రేయపురం నుంచి బెల్లం, డ్రైఫ్రూట్ పూతరేకులు 10, ₹250. పలాస జీడిపప్పు పావు కిలో, ₹270. వన్‌టౌన్ హోల్‌సేల్‌లో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, ₹180. గుడ్డ సంచీ ₹35. పన్నుతో కలిపి ఒక్కోటి ₹735. డబ్బా మీద కంపెనీ పేరు వద్దు; పేరు లేకపోతే వంటింట్లో పదేళ్లు వాడతారు, ఉంటే అటక మీదికి పోతుంది.

85 బాక్సులకు ₹62,475. రవాణా ₹1,800, బయటి ఊళ్లలో ఉన్న ఏడుగురికి కొరియర్ ₹1,050. మొత్తం ₹65,325. మీరు చెప్పిన పరిమితి ₹68,000 కాబట్టి ₹2,675 మిగులుతుంది. దాన్ని అలాగే ఉంచుదాం, ఆఖరి నిమిషంలో ఏదో ఒకటి తగులుతుంది.

పన్ను సంగతి అకౌంట్స్‌తో మాట్లాడాను. గిఫ్టులుగా ఇచ్చే సరుకు మీద జీఎస్టీ క్రెడిట్ రాదు, కాబట్టి కొటేషన్లు పన్నుతో కలిపే పోల్చాలి. ఈ నెల 22 నుంచి బాదం లాంటి డ్రైఫ్రూట్స్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. జీడిపప్పు మీద ముందు నుంచీ 5 శాతమే, కాబట్టి ఆ కొటేషన్ మారదు. బాదం ధర తగ్గితే మనకు కలిసొచ్చినట్టే, పై లెక్కలో దాన్ని చూపలేదు. వస్తువుగా ఇచ్చే గిఫ్టులు ఏడాది మొత్తం ₹5,000 లోపుంటే ఉద్యోగికి ఆదాయపు పన్ను పడదు. కొందరు నగదే ఇవ్వమంటున్నారు; నగదైతే జీతంలో కలిసి పన్ను పడుతుంది.

పూతరేకులతో ఒక్కటే భయం, నలిగిపోతాయి. కొరియర్‌లో వేస్తే చేరేది పొడే. అందుకని ఆ ఏడుగురికి, షుగర్ ఉందని చెప్పిన ఆరుగురికి అదే ధరలో బాదం పెడతాం. మిగతా 72 బాక్సుల పూతరేకులు 15న ఉదయం అట్టపెట్టెల్లో, ఒకదాని మీద ఒకటి మూడుకు మించి పేర్చకుండా వస్తాయి. ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలో లేకపోతే తీసుకోనని ముందే చెప్పాను. అదే రోజు మధ్యాహ్నం క్యాంటీన్ హాల్లో నలుగురం కూర్చుని సర్దేస్తాం. కొరియర్లు 10నే పంపేస్తాం.

పంపకం 16న మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టు మారే వేళ. ఉదయం షిఫ్టు వాళ్లు వెళ్తూ, రెండో షిఫ్టు వాళ్లు వస్తూ తీసుకుంటారు. రాత్రి కాపలా వాళ్లవి పది గంటలకు గేటు దగ్గరే ఇస్తాం. సంతకం రిజిస్టరు ఒక్కటే, కాంట్రాక్టు వాళ్ల పేర్లూ అందులోనే. ఆ రోజు సెలవులో ఉన్నవాళ్ల బాక్సులు స్టోర్లో తాళం వేసి ఉంచుతాం. పక్కవాడికి ఇచ్చి పంపడం ఉండదు. రెండింటికి మీరు ఒక పావుగంట కింద నిలబడి ఇవ్వగలిగితే బాగుంటుంది, ప్రసంగం అక్కర్లేదు.

మీరు సరే అంటే పూతరేకులకు ₹9,000, జీడిపప్పుకు ₹11,475, అంటే సగం సగం అడ్వాన్సు, మొత్తం ₹20,475 శుక్రవారమే బ్యాంకు ద్వారా పంపిస్తాను. డబ్బాలకు సరుకు దిగాకే డబ్బు.

ఇట్లు,
అడ్మిన్ విభాగం, ఆటోనగర్ యూనిట్, విజయవాడ
24 సెప్టెంబర్ 2025