పెళ్లి పిలుపుల గురించి పెదనాన్నకు ఉత్తరం

విశాఖపట్నం,
ఎం.వి.పి. కాలనీ.

పెదనాన్నకు, పెద్దమ్మకు నమస్కారాలు.

మొన్న మీరు వచ్చి వెళ్లాక ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మీరు అడిగిన దాంట్లో తప్పు లేదు. నాన్న మీ ముందు నోరు విప్పరని మీకూ తెలుసు. తాతయ్య పోయాక నాన్నను పాలిటెక్నిక్ చదివించింది మీరు. ఆయన మీ మాటకు ఎదురు చెప్పలేరు, చెప్పకూడదనే నేనూ అనుకుంటాను. అందుకే నేనే రాస్తున్నాను. ఈ ఉత్తరం నాన్న చదివారు. పంపమనలేదు, వద్దనీ అనలేదు.

మీరు పన్నెండు వందల మందిని పిలవాలన్నారు. నలభై ఏళ్లుగా ఊళ్లో ప్రతి ఇంటి పెళ్లికీ మనం వెళ్లాం, తిన్నాం, ఇప్పుడు మన ఇంట్లో పెళ్లయితే వాళ్లకు అన్నం పెట్టకపోతే ఎలా అన్నారు. దీనికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. పెద్దమ్మ బీరువాలో దాచిన చదివింపుల పుస్తకం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ పుస్తకంలో ఉన్న ఏ ఇంటినీ వదలొద్దు. అందరికీ ఒకే రాత్రి, ఒకే హాల్లో, వైజాగ్‌లోనే పెట్టాలా అన్నదొక్కటే నా ప్రశ్న.

మీరు చూసిన హాలుకు నాన్న లెక్క కట్టారు. అద్దె 3 లక్షలు. భోజనం ప్లేటు 650 చొప్పున పన్నెండు వందల మందికి 7 లక్షల 80 వేలు. డెకరేషన్, లైటింగ్ 3 లక్షల 50 వేలు. ఫొటోలు, వీడియో, డ్రోన్ 1 లక్షా 80 వేలు. బ్యాండు, బాణసంచా 70 వేలు. శుభలేఖలు, పెట్టుబడి బట్టలు 1 లక్షా 20 వేలు. మొత్తం 18 లక్షలు. బంగారం, ఊరి నుంచి బస్సులు ఇందులో లేవు. నాన్న దగ్గర పెళ్లి కోసం దాచినది 9 లక్షలు. మిగతా 9 లక్షలకు చోడవరం దగ్గరి జీడితోట తాకట్టు పెడదామని ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. నూటికి రెండు రూపాయల వడ్డీ అట. అంటే అసలు అలాగే ఉండగా నెలకు 18 వేలు వడ్డీకే పోతాయి. నాన్న రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లే ఉంది, తమ్ముడి ఇంజనీరింగ్‌కు మూడేళ్లుంది. ఆ తోట తాతయ్య మీ ఇద్దరికీ పంచి ఇచ్చింది. నా పెళ్లి కోసం అది వేరొకరి చేతికి వెళ్తే నేను అత్తవారింట్లో సుఖంగా ఉండలేను పెదనాన్నా.

మొదట నేను సింహాచలం కొండ మీద, రెండు వందల యాభై మందితో చేద్దామన్నాను. మీరు ఒప్పుకోలేదు. తమ్ముడి కూతురి పెళ్లి గుట్టుగా చేస్తే జనం ఏదో ఉందనుకుంటారన్నారు. ఆ మాట గురించి చాలా ఆలోచించాను. మీరు చెప్పింది నిజమే, మన ఊళ్లో అలాగే అనుకుంటారు. కాబట్టి ఆ కోరిక వదులుకున్నాను.

ఇప్పుడు నేను అడిగేది ఇది. వైజాగ్‌లో పెళ్లికి నాలుగు వందల మంది. పెళ్లికొడుకు వాళ్లు నూట యాభై చాలన్నారు, వాళ్ల నాన్నగారే స్వయంగా చెప్పారు. మన వైపు రెండు వందల యాభై. అందులో వంద పేర్లు పూర్తిగా మీవి. మీరు ఎవరిని రాస్తే వాళ్లే, ఎందుకని ఎవరూ అడగరు. అమ్మ పుట్టింటి వైపు డెబ్బై. నాన్న ఆఫీసు వాళ్లు, మా వీధి వాళ్లు కలిపి యాభై. నాకూ తమ్ముడికీ కలిపి ముప్పై. నా కాలేజీ స్నేహితులే ఎనభై మంది ఉన్నారు, వాళ్లలో చాలామందికి నేనే ఫోన్ చేసి చెప్పుకుంటాను.

పెళ్లయిన తర్వాతి ఆదివారం మన ఊళ్లో, మీ ఇంటి ముందు కళ్లంలో, ఊరందరికీ మధ్యాహ్నం భోజనం. ఐదు వందల మందికి. మీ పేరు మీద, మీ చేతుల మీదుగా. పులిహోర, బూరెలు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, గడ్డపెరుగు, అన్నీ ఉండాలి. మన వంటమేస్త్రి మనిషికి 240 అవుతుందన్నాడు. అంటే 1 లక్షా 20 వేలు, షామియానా, బల్లలకు ఇంకో 20 వేలు. మేమిద్దరం పీటల మీద కూర్చుంటాం, ప్రతి పెద్దాయనకూ పెద్దమ్మకూ వంగి దండం పెడతాం. ఇది గుట్టుగా జరిగే పెళ్లి కాదు కదా. శుభలేఖతో పాటు మీరూ పెద్దమ్మా ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవండి, నేనూ మీ వెంట వస్తాను.

ఇంకోటి కూడా గమనించండి. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటలు దాటాక. ఊరి ముసలివాళ్లు చలిలో బస్సెక్కి వచ్చి, ఎనిమిదింటికి తినేసి, అమ్మాయి తల మీద అక్షింతలు వేయకుండానే తిరిగి వెళ్లిపోతారు. మన ఊళ్లో అయితే వాళ్లు నిదానంగా కూర్చుని తింటారు, మనతో మాట్లాడతారు.

వైజాగ్ ఖర్చు ఇలా వస్తోంది. చిన్న హాలు 1 లక్షా 20 వేలు, అదే ప్లేటు ధరకు భోజనం 2 లక్షల 60 వేలు, అరటిచెట్లు, మామిడి తోరణాలు, బంతిపూలతో మండపం 90 వేలు, ఫొటోలు 80 వేలు, సన్నాయి మేళం 30 వేలు, శుభలేఖలు, బట్టలు 60 వేలు. 6 లక్షల 40 వేలు. ఊరి భోజనం కలిపితే 7 లక్షల 80 వేలు. నాన్న దగ్గర ఉన్నదాంట్లో ఇంకా లక్షా 20 వేలు మిగులుతాయి. డ్రోన్, ప్రీ వెడ్డింగ్ షూట్, సంగీత్ నాకు వద్దు. అవి నేను అడిగినవే, నేనే తీసేస్తున్నాను.

సన్నాయి మేళం మాత్రం తగ్గించలేదు. మీకు అదంటే ఎంత ఇష్టమో తెలుసు. బట్టల్లో మీకూ పెద్దమ్మకూ పెట్టేవి నేను నా జీతంతో కొంటాను, అది లెక్కలోకి రాదు. మొదటి శుభలేఖ సింహాద్రి అప్పన్న దగ్గర పెట్టేది మీరే.

నాలుగు వందలు మీకు మరీ తక్కువ అనిపిస్తే నాలుగు వందల యాభై వరకు నేను ఒప్పుకుంటాను. ఆ పెరిగే యాభై కూడా మీ వాటాలోనే. అప్పుడు భోజనాలకు ఇంకో 32,500 అవుతుంది, అది మిగిలే డబ్బులోంచే సర్దుకోవచ్చు. అంతకు మించితే ఆ చిన్న హాలు చాలదు, మళ్లీ పెద్ద హాలు, అప్పు దగ్గరికే వస్తాం. తోట తాకట్టు మాత్రం వద్దని మీరే నాన్నకు చెప్పాలి. ఆయన మీ మాట వింటారు.

పెద్ద హాలు వాళ్లు అడ్వాన్స్ కోసం తొందరపెడుతున్నారు. మార్గశిరం మొదటి గురువారం పెద్దమ్మ కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి బురుజుపేట వస్తారు కదా, ఆ రోజు మీరు కూడా రండి. దర్శనం అయ్యాక మా ఇంట్లోనే భోజనం చేద్దురుగాని. అప్పటిదాకా అడ్వాన్స్ కట్టొద్దని నాన్నతో అన్నాను, ఆయన సరేనన్నారు. వచ్చేటప్పుడు చదివింపుల పుస్తకం తీసుకురండి. ఏ పేర్లు వైజాగ్‌కో, ఏ పేర్లు ఊరికో మీరు చెబుతుంటే నేను రాసుకుంటాను.

మీ ఆశీస్సులు కోరుతూ,

మీ
బుజ్జి