కంపోజిటరు తాత, కొత్త రిమోటు

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు పంపించిన 43 అంగుళాల స్మార్ట్ టీవీ, ప్రొద్దుటూరులోని ఆ పాత మిద్దె ఇంటి ముందుగదిలో గోడకెక్కి నెల దాటింది. బిగించడానికి వచ్చిన కుర్రవాడు వైఫై కలిపి, రిమోటును నరసింహయ్య చేతిలో పెట్టి, "అంతా ఇందులోనే ఉంది పెద్దాయనా" అని చెప్పి ఇంకో ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తరువాత ఆ టీవీలో నరసింహయ్య చూసిందల్లా, ఆన్ చేయగానే ఏది వస్తే అది మాత్రమే. పాత టీవీ రిమోటులో అంకెలు ఉండేవి, సప్తగిరి ఛానలు ఏ అంకె మీద వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. ఈ కొత్త రిమోటులో అంకెలే లేవు. అరచేతిలో ఇమిడిపోయే నల్లని కడ్డీ, దాని మధ్యలో ఒక గుండ్రని చక్రం, చుట్టూ ఏమీ రాయని నాలుగైదు బొత్తాలు, అడుగున రంగురంగుల పేర్లతో మరికొన్ని. ఒకనాడు ఆ రంగు బొత్తాల్లో ఒకటి పొరపాటున నొక్కుకుపోయి, నెలకు ఇన్ని రూపాయలు కట్టాలంటూ తెర నిండా ఒక పేజీ వచ్చినప్పుడు ఆయన గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చే కట్టేశారు. అప్పటినుండి రిమోటు సుబ్బమ్మ అవ్వ పూజ అలమారలో, కుంకుమ భరిణె పక్కన ఉంటోంది.

వేసవి సెలవులకు అనంతపురం నుండి కూతురి కూతురు లహరి వచ్చింది. తొమ్మిదో తరగతికి వెళ్లబోతున్న పిల్ల. మధ్యాహ్నం వేళ బయట వడగాలి కొడుతుంటే అందరూ ముందుగదిలోనే ఉంటారు కాబట్టి, వచ్చిన మరునాడే ఆమెకు సంగతి అర్థమైంది.

"తాతా, నీకేం చూడాలని ఉంది?" అని అడిగింది. రిమోటు ఎలా వాడాలో చెప్పడంతో మొదలుపెట్టకుండా ఈ ప్రశ్నతో మొదలుపెట్టడం ఆ పిల్ల చేసిన మంచి పని.

నరసింహయ్య కాసేపు ఆలోచించారు. "సురభి వాళ్ల నాటకం ఒకటి చూడాలని ఉంది పాపా. అదేదో ఫోనుల్లో వస్తాయంటారు గదా" అన్నారు.

ఆ కోరికకు కారణం ఉంది. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ప్రొద్దుటూరు బజారులోని ఒక లెటర్‌ప్రెస్‌లో, సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి మాటలు కూర్చే కంపోజిటరుగా పనిచేశారు. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు ఎంత కూర్చినా, ఆయనకు ఇష్టమైన పని నాటకాల కరపత్రాలది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో మొదలై, ఆ ఊరి పేరునే తన పేరుగా చేసుకున్న ఆ నాటక సమాజం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఇప్పటికీ సొంత ఇంటివాళ్ల గురించి మాట్లాడుతున్న ధోరణి వినిపిస్తుంది. కుటుంబాలకు కుటుంబాలే రంగస్థలం మీద పుట్టి పెరిగాయనీ, కళ్ల ముందే తెరలు మారిపోయి అడవి రాజసభ అవుతుందనీ ఆయన చెప్పగా లహరి చాలాసార్లు విన్నది.

"అయితే అదే చూద్దాం. రిమోటు మాత్రం నేను పట్టుకోను, నువ్వే పట్టుకోవాలి" అంది లహరి.

పెద్దవాళ్లకు ఫోను గానీ టీవీ గానీ నేర్పేటప్పుడు పిల్లలు సాధారణంగా ఓపిక పట్టలేక ఆ వస్తువును తమ చేతుల్లోకి లాక్కుని, నాలుగు బొత్తాలు టకటకా నొక్కేసి, "చూశావా, ఇంతే" అంటారు. పని జరుగుతుంది, కానీ చూస్తున్నవారికి వంటబట్టేది ఏమీ ఉండదు. లహరి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తాత పక్కన చాప మీద కూర్చుంది.

ముందుగా ఆయన భయం పోగొట్టవలసి వచ్చింది. "ఇందులో ఏది నొక్కినా డబ్బులు పోవు తాతా. డబ్బులు కట్టాలంటే మన కార్డు నంబరో, ఫోను నుండి చెల్లింపో ఇవ్వాలి. మామ ఈ టీవీలో అవేవీ పెట్టలేదు, నిన్న రాత్రి ఫోను చేసి అడిగాను. డబ్బులు అడిగే పేజీ వస్తే రానీ, వెనక్కి వచ్చేస్తే సరిపోతుంది" అని చెప్పి, ఇంటి బొమ్మ ఉన్న బొత్తాన్ని చూపించింది. దాన్ని నొక్కితే ఎక్కడ ఉన్నా మొదటి పేజీకి వస్తుంది. వంకర బాణం గుర్తు ఉన్న బొత్తం నొక్కితే ఒక్క అడుగు వెనక్కి వస్తుంది. ఆ మధ్యాహ్నం ఆమె ఇంకేమీ నేర్పలేదు. తాత కావాలని ఏదో ఒకటి తెరవడం, దారి తప్పడం, ఇంటి బొత్తం నొక్కి తిరిగి రావడం, ఇదే పని. ఇంతకుముందు స్విచ్చి కట్టించిన ఆ రంగు బొత్తాన్ని ఈసారి ఆయనే చూసి చూసి నొక్కారు. రూపాయల పేజీ వచ్చింది. ఇంటి బొత్తం నొక్కారు. పేజీ పోయింది. మరొకసారి తెప్పించి మరొకసారి పంపించారు.

"ఇంతేనా ఇది!" అన్నారు, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

చిక్కు మరునాడు చక్రం దగ్గర వచ్చింది. చక్రం అంచు మీద పైకి, కిందికి, కుడికి, ఎడమకు నొక్కాలి, తెర మీద వెలుగుతున్న గడి ఆ వైపుకు జరుగుతుంది, కావలసిన చోటికి చేరాక నడిమి బొత్తం నొక్కాలి. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. అయితే సీసపు అక్షరాలు పట్టి పట్టి మొద్దుబారిన ఆయన బొటనవేలు బొత్తం మీద ఆనిందంటే లేచేది కాదు. నొక్కి పట్టినట్టు లెక్కగట్టి, వెలుగు గడి ఒక్కటి జరగవలసిన చోట అయిదారు దాటి పరుగెత్తేది. నడిమి బొత్తం దగ్గర కూడా అంతే, తాకి వదలవలసింది నొక్కి పడితే అడగని జాబితా ఏదో తెరుచుకునేది. దానికి తోడు ఆయన పాత అలవాటు కొద్దీ చేయి బారుగా చాచి, రిమోటును టీవీకి గురిపెట్టి నొక్కేవారు, చేయి వణికేది.

లహరి ఏమీ అనకుండా కాసేపు ఆ వేలినే చూసింది. తరువాత, "తాతా, చేయి ఒళ్లో పెట్టుకో. ఈ రిమోటు బ్లూటూత్‌తో పనిచేస్తుంది, టీవీకి చూపించనక్కరలేదు, దుప్పటి కింద ఉన్నా పలుకుతుంది" అంది. ఆయన నమ్మలేదు. రిమోటును తుండుగుడ్డ కింద పెట్టి నొక్కి చూశారు. గడి జరిగింది. ఆ మాటతో సగం వణుకు పోయింది. "ఇప్పుడు కొనతో తాకు. ప్రెస్సులో చిన్న అక్షరం తీసేటప్పుడు ఎట్లా తీసేవాడివి?"

నరసింహయ్య బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి గాలిలోంచి ఒక అక్షరాన్ని తీసినట్టు చూపించారు. వేలి కొన మాత్రమే తాకి, వెంటనే లేచింది. "అట్లాగే" అంది లహరి.

ఆ తరువాత వెతుకులాట పేజీ తెరిపించింది. యూట్యూబ్‌లో పైన భూతద్దం గుర్తు మీదికి వెళ్లి నొక్కగానే ఇంగ్లీషు అక్షరాలు వరుసలు కట్టి గళ్లలో కనబడ్డాయి, ఒక్కో వరుసలో ఏడు. అది చూసి నరసింహయ్య ముందుకు వంగారు. కంపోజిటరు ముందు ఉండే అక్షరాల కేసు కూడా ఇలా గళ్లు గళ్లుగానే ఉంటుంది, ఏ గడిలో ఏ అక్షరం ఉందో చూడకుండా చేయి వెళ్లగలగాలి, తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తులు ఇంకోచోట. తెలుగుకు వందల గళ్లు పట్టేవి. ఇక్కడ ఇరవై ఆరే.

"s ఎక్కడుంది?" అని లహరి అడగబోయేలోగా ఆయన లెక్క మొదలుపెట్టారు. a దగ్గర నుండి కిందికి రెండు, కుడికి నాలుగు. నడిమి బొత్తం. s పడింది. అక్కడినుండి కుడికి రెండు, u. ఎడమకు మూడు, r. పెదవులు కదుపుతూ, తొందర లేకుండా, అక్షరం పడ్డ ప్రతిసారీ పైన వరుసను ఒకసారి ప్రూఫు చూసినట్టు చూసుకుంటూ కూర్చారు. h కు బదులు పక్కనున్న i పడినప్పుడు లహరి చేయి తనంతట తానే ముందుకు వచ్చింది. మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది. ఆయనే చెరిపే గుర్తు వెతుక్కుని, దాన్ని తీసేసి, సరైనది వేసుకున్నారు. చివరికి తెర మీద surabhi natakam అని తప్పు లేకుండా నిలబడింది.

మైకు బొత్తం నొక్కి పట్టుకుని నోటితో చెప్తే ఇదంతా ఒక్క క్షణంలో అయిపోతుందని లహరికి తెలుసు, ఆ సంగతి ఆమె అప్పుడే చెప్పలేదు. అది సరైన నిర్ణయమని నాకు అనిపిస్తుంది. ముందే చెప్పి ఉంటే ఆయన అక్షరాల జోలికి వెళ్లేవారు కారు, మైకు మాట సరిగా వినని రోజున మళ్లీ రిమోటు అలమారలోకి చేరేది. రెండు రోజులు ఆయన చేత అక్షరాలు కూర్పించాక మైకు నేర్పింది. నొక్కి వదిలేసి మాట్లాడితే వినదనీ, మాట పూర్తయ్యేదాకా వేలు అక్కడే ఉండాలనీ చెప్పింది. వదలడం ఇంత కష్టపడి నేర్చుకున్న వేలు ఈసారి పట్టుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, సభలో ప్రకటన చేస్తున్నంత స్పష్టంగా "సురభి నాటకాలు" అని పలికారు. వంటింట్లో నుండి అవ్వ ఎవరొచ్చారని అడిగింది.

ఆ సాయంత్రం ముగ్గురూ కూర్చుని నాటకం చూశారు. తెర వెనుక నుండి మేఘం దిగివస్తుంటే నరసింహయ్య బొమ్మను ఆపి, వెనక్కి జరిపి, తాళ్లు ఎక్కడ కట్టి ఉంటారో వేలితో చూపించారు. ఆపడానికి నడిమి బొత్తం, జరపడానికి చక్రానికి ఎడమవైపు, ఆ రెండూ ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సెలవులు అయిపోయి లహరి అనంతపురం వెళ్లింది. జూన్ నెలలో ఒక ఆదివారం తాత దగ్గర నుండి ఫోను వచ్చింది.

"పాపా, టీవీలో ఏదో పెట్టె వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉందట. కింద రెండు గళ్లున్నాయి. ఒకదాంట్లో ఇప్పుడు అనీ, ఇంకోదాంట్లో తరువాత అనీ రాసి ఉంది."

"అది మంచిదే తాతా, భయం లేదు. ఇప్పుడు అని నొక్కు, అదే ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది."

"నేను తరువాత నొక్కేశాను" అన్నారు నరసింహయ్య. "నాటకం ఇంకా ఇరవై నిమిషాలుంది. మీ అవ్వ చూస్తా ఉంది. అయిపోయినాక పెడతాలే, నీకు ఊరికే చెప్దామని చేసినా. నువ్వు అన్నం తిన్నావా?"